రిటైల్ ఆపరేషన్స్ హెడ్‌కు తొలి మెయిల్: సేవల చిట్టా మేలా, ఒక్క సమస్య మేలా?

చెన్నైలో మాది చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ. నగరంలో ఇరవై దుకాణాలున్న ఒక సూపర్ మార్కెట్ సంస్థ ఆపరేషన్స్ హెడ్‌కు, ఏ పరిచయమూ లేకుండా, మెయిల్ పంపాలి. మా దగ్గర రెండు చిత్తుప్రతులు తయారయ్యాయి.

మొదటిది మా భాగస్వామిది. మొబైల్ యాప్‌లు, క్లౌడ్, డ్యాష్‌బోర్డులు చేస్తాం, సంస్థ వివరాలు జతచేశాం, అరగంట సమయం ఇవ్వగలరా అని అడుగుతుంది. ఇందులో అబద్ధం లేదు. కాకపోతే పేరు మార్చి ఆసుపత్రికి పంపినా సరిపోతుంది. యాప్‌లు, క్లౌడ్ అనగానే ఆయన దాన్ని ఐటీ విభాగానికి పంపేస్తారు. అక్కడ అలాంటివి గుట్టలుగా ఉంటాయి.

రెండోది ఒక్క విషయమే ఎత్తుకుంటుంది: సిస్టంలో సరుకు ఉంది, అరలో లేదు. ఒకే ధర ఉన్న రెండు రకాల సబ్బులు వస్తే క్యాషియర్ ఒకదాన్ని స్కాన్ చేసి రెండు అని కొడతారు. ఒక రకం లెక్కలో తగ్గుతుంది, రెండో రకం తగ్గదు. పగిలిన సీసాలను లెక్కలోంచి తీసేయకపోయినా ఇదే జరుగుతుంది. సిస్టం నిల్వ ఉందనుకుంటుంది కనుక కొత్త సరుకుకు ఆర్డర్ వెళ్లదు. ఎవరో వచ్చి లెక్కపెట్టేదాకా ఆ అర ఖాళీయే.

నా ఓటు రెండోదానికే. అయితే దానిలోనూ ఒక చిక్కుంది: చివర్లో రెండు నెలల బిల్లుల డేటా అడుగుతుంది. ముక్కూమొహం తెలియనివారికి డేటా ఎవరిస్తారు? దాని బదులు ఇలా రాయడం మేలు:

“ఒక దుకాణంలో రోజుకు సగటున 4 అమ్ముడయ్యే రసం పొడి మూడు రోజులుగా ఒక్కటీ అమ్ముడుపోలేదు, సిస్టంలో మాత్రం 11 ఉన్నాయి అనుకుందాం. ఇలాంటివి పది వెతికి, అర దగ్గరా గోదాములోనూ చూడమని మీ స్టోర్ మేనేజర్‌కు చెప్పండి. సగం దొరకకపోతే మాట్లాడుకుందాం. పది రోజులకొకటి అమ్ముడయ్యే సరుకుకు ఈ లెక్క పనికిరాదు. దానికి వేరే పద్ధతి కావాలి.”

ఉపాయమంతా చెప్పేస్తే మనమెందుకని మా భాగస్వామి అభ్యంతరం. ఒక దుకాణంలో ఒకసారి ఆయనే చూసుకోగలరు, నిజమే. ఇరవై దుకాణాల్లో, వేల సరుకులకు, ఏ దుకాణం అమ్మకాల తీరును బట్టి ఆ దుకాణానికి రోజూ చూడాలంటే ప్రోగ్రాం కావాల్సిందే. పైగా పరిమితిని మనమే ముందు చెప్పడం వల్ల, ఈ పని తెలిసినవాళ్లే రాశారని ఆయనకు అర్థమవుతుంది.

సేవల చిట్టా దండగేమీ కాదు. కొనుగోళ్ల విభాగం సంస్థ వివరాలు అడిగిన రోజున పంపవచ్చు.

మెయిల్ విషయం వరుసలో ‘సిస్టంలో 11, అరలో 0’ చాలు. పంపేది మాత్రం పదో తేదీ దాటాక. జీతాలు పడిన మొదటి వారంలో నెలసరి సరుకుల రద్దీ ఉంటుంది, అప్పుడు ఆయన దేన్నీ తెరవరు.