123456 తీసేసి మూడేళ్లు: మా ఇంటి డీవీఆర్ అనుభవం

అనంతపురం రామ్‌నగర్‌లో మా ఇంటికి 2021లో నాలుగు కెమెరాలు, వాటి రికార్డింగు దాచే డీవీఆర్ ఒకటి పెట్టించాం. వరండా, గేటు, మెట్లు, మేడ మీద నీళ్ల ట్యాంకు. బొమ్మ బాగుంటుంది, రాత్రిపూట కూడా మనిషి ముఖం తెలుస్తుంది. ఆ సంగతి ఇంతటితో వదిలేస్తా. నేను రాయాలనుకున్నది దాని లాగిన్ గురించి. బిగించిన అబ్బాయి యూజర్ `admin`, పాస్‌వర్డ్ `123456` అని పెట్టి, మర్చిపోతామేమోనని డీవీఆర్ మూత మీద మార్కర్‌తో రాసి కూడా వెళ్లాడు. ఊళ్లో ఉన్న మా నాయన ఫోన్లో చూసుకోవడానికి రూటర్‌లో 8080 పోర్టు, అంటే బయట నుంచి డీవీఆర్‌కు వచ్చే దారి, తెరిచాడు. ఏడాది పాటు ఎవరమూ దాని జోలికి పోలేదు.

2022 ఎండాకాలంలో పక్కింటి పిల్లోడు వైఫై బాగుచేయడానికి వచ్చాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు. రూటర్ సెట్టింగులు చూసి నవ్వి, "అన్నా, మీ ఇల్లు బయట నుంచి చూపించమంటారా?" అన్నాడు. తన ఫోన్లో వైఫై ఆపేసి, మొబైల్ డేటాతో మా ఇంటర్నెట్ అడ్రస్, దాని పక్కన 8080 కొట్టాడు. డీవీఆర్ లాగిన్ పేజీ వచ్చింది. ఆ ఆరు అంకెలు కొట్టేసరికి మా వరండాలో ఆరేసిన బట్టలు కనపడ్డాయి.

"మన అడ్రస్ ఎవరికి తెలుస్తుందిలే" అన్నాను. ఎవరికీ తెలియనక్కర్లేదట. పాత తరహా ఇంటర్నెట్ అడ్రస్‌లు ప్రపంచం మొత్తానికి 430 కోట్ల లోపే. ఒక్క పోర్టు కోసం వాటన్నిటి తలుపూ తట్టి రావడానికి మంచి కనెక్షన్ ఉన్న కంప్యూటర్‌కు గంట కూడా పట్టదు. 8080 బదులు 9123 పెట్టినా దొరకడం కొంచెం ఆలస్యమవుతుందే తప్ప దాక్కున్నట్టు కాదు.

డీవీఆర్‌లో Log తెరిచాం. నెట్‌వర్క్ నుంచి `admin` లాగిన్ అయిన వరుసల్లో సగం అడ్రస్‌లు మావి కావు. ఎప్పుడు వచ్చారో చూద్దామంటే అన్నిటికీ 2000 జనవరి తేదీలే ఉన్నాయి. లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోయి, కరెంటు పోయినప్పుడల్లా గడియారం మొదటికి వస్తోంది. మా వీధిలో కరెంటు సంగతి చెప్పేదేముంది! ముప్పై, నలభై రూపాయల బ్యాటరీ వేయించేదాకా ఆ లాగ్ ఉన్నా లేనట్టే. మీ డీవీఆర్ తెర మీద తేదీ సరిగ్గా ఉందో లేదో ముందు అది చూసుకోండి.

పాస్‌వర్డ్ మార్చడం ఐదు నిమిషాల పని. డీవీఆర్‌కు మౌస్ పెట్టి, మెనూలో Account లోకి వెళ్లి, తెర మీది కీబోర్డులో ఒక్కో అక్షరం నొక్కాలి, అదొక్కటే విసుగు. తర్వాత రూటర్ లాగిన్ కూడా మార్చాం, అదీ `admin`, `admin` గానే ఉంది మరి. 8080 నియమం తీసేశాం. బయట నుంచి కొట్టి చూస్తే పేజీ రాలేదు. హమ్మయ్య అనుకున్నా. పిల్లోడు 8080 కూడా తీసేసి ఉత్త అడ్రస్ కొట్టాడు. లాగిన్ పేజీ మళ్లీ ప్రత్యక్షం!

కారణం UPnP అనే సెట్టింగ్. అది ఆన్‌లో ఉంటే ఇంట్లోని పరికరమే రూటర్‌ను అడిగి తనకు కావాల్సిన పోర్టులు తెరిపించుకుంటుంది. మనం మూసింది ముందు తలుపు, డీవీఆర్ దొడ్డి తలుపు తీసుకుని కూర్చుంది. రూటర్‌లో ఆ పట్టిక తెరిస్తే డీవీఆర్ తెరిపించుకున్న పోర్టులు మూడు కనపడ్డాయి. డీవీఆర్‌లోనూ, రూటర్‌లోనూ UPnP ఆపి, రెండూ రీస్టార్ట్ చేసి, మళ్లీ మొబైల్ డేటాతో కొట్టాం. ఈసారి పేజీ తిరిగి తిరిగి ఆగిపోయింది. రావాల్సిన ఫలితం అదే. ఇంటి వైఫైలో ఉండి పరీక్షిస్తే లోపలి నుంచి చూసినట్టే కాబట్టి దాన్ని నమ్మొద్దు.

పాస్‌వర్డ్ మార్చాక పోర్టులు మూయడం దేనికని నాకూ అనిపించింది. కొన్ని పాత డీవీఆర్‌లలో మెనూలో కనపడే పాస్‌వర్డ్ వేరు, టెల్నెట్ అనే లోపలి దారికి కంపెనీ వేసిన పాస్‌వర్డ్ వేరు. రెండోది మెనూలో మార్చలేం. 2016లో మిరాయ్ అనే వైరస్ అరవై చిల్లర డిఫాల్ట్ లాగిన్‌లు మాత్రమే పట్టుకుని, ఆ దారిలోనే లక్షల కెమెరాల్లో, డీవీఆర్‌లలో దూరింది. రీస్టార్ట్ చేస్తే పోయేది, పాత లాగిన్ అలాగే ఉంటే కాసేపట్లో మళ్లీ వచ్చేది. అందుకే పని ఒక్కటి కాదు, రెండు.

పోర్టులు మూసినా నాయన ఫోన్లో యాప్ పనిచేస్తూనే ఉంది. యాప్‌కు అసలు పోర్టు అక్కర్లేదు. డీవీఆర్ తానే కంపెనీ సర్వర్‌కు కనెక్ట్ అయి ఉంటుంది, ఫోను అక్కడికి వెళ్లి కలుస్తుంది. కాబట్టి ఆ అబ్బాయి 8080 తెరవడమే దండగ పని. అయితే ఈ దారిలో మా డీవీఆర్‌కు కావలసింది సీరియల్ నంబరు, పాస్‌వర్డ్ మాత్రమే. నంబరు పెట్టె మీద స్టిక్కర్‌లోనే ఉంటుంది.

ఇబ్బంది తర్వాత వచ్చింది. వారం తిరగకముందే నా లాగిన్ పదేపదే లాక్ అవడం మొదలైంది. అరగంట ఆగితే తెరుచుకునేది, మళ్లీ లాక్. ఎవరో దూరుతున్నారని టెన్షన్ పడ్డాను. లాగ్ చూస్తే ఆ ప్రయత్నాలన్నీ మా నాయన పాత ట్యాబ్ నుంచి. మూల పడేసిన ట్యాబ్, యాప్ మాత్రం పాత పాస్‌వర్డ్‌తో తడుతూనే ఉంది. అప్పుడు ఇంట్లో వాళ్లకు వేరే యూజర్ చేసి, లైవ్ చూసే అనుమతి మాత్రమే ఇచ్చాను. `admin` ఇప్పుడు ఏ ఫోన్లోనూ లేదు. ఈ పని మొదటి రోజే చేసుంటే ఆ వారం ప్రశాంతంగా గడిచేది.

రెండో దెబ్బ 2024లో. హార్డ్ డిస్క్ పోయి షాపుకిస్తే, కొత్తది వేసి, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి, మళ్లీ అదే ఆరు అంకెలు పెట్టి పంపారు. UPnP కూడా తిరిగి ఆన్. పదిరోజుల తర్వాత ఊరికే మొబైల్ డేటాతో చూస్తే బయటపడింది. రిపేరు నుంచి వచ్చిన డీవీఆర్‌ను ఇప్పుడు కొత్తగా కొన్నట్టే చూస్తాను.

స్మార్ట్ ప్లగ్గు, బల్బుల సంగతి తేలిక. మా ఇంట్లో ఉన్నవాటికి వేరే డిఫాల్ట్ లాగిన్ లేదు, యాప్ ఖాతానే తాళం.

మూడేళ్లలో లాగ్‌లో కొత్త అడ్రస్ కనపడింది ఆ పదిరోజుల్లోనే. కాబట్టి నా మార్కులు ఐదుకు నాలుగు. ఒకటి తగ్గించింది పాస్‌వర్డ్ మర్చిపోతే పడే పాట్లకు. మా మోడల్‌లో మొదట ఈమెయిల్ ఇవ్వకపోతే కంపెనీకి ఫైలు పంపి తిప్పలు పడాలి. పాల లెక్క రాసే నోటుబుక్‌లో చివరి పేజీలో రాసిపెట్టాను. ఇంటికొచ్చిన దొంగ పాల లెక్క చూస్తాడని అనుకోను.

ఈ మధ్య మా చెల్లెలు కడపలో కొత్త సెట్ కొంది. కొత్తవి పాస్‌వర్డ్ పెట్టనిదే ఆన్ కావు కదా, ఇక బాధ లేదనుకున్నా. బిగించిన షాపతను తన షాపు పేరు, పక్కన 123 కొట్టాడట. అడిగితే "అందరికీ ఇదే పెడతాం మేడమ్, సర్వీసుకు సులువు" అన్నాడట. ఆ వీధిలో ఎన్ని ఇళ్లకు అదే తాళమో! చెల్లెలు అతని చేతిలోంచి మౌస్ తీసుకుని, అతన్ని కాసేపు అటు తిరగమంది.