వంటింటి నెలవారీ తనిఖీ: నాలుగేళ్లు చేశాక

నెలకో ఆదివారం, అరగంట పని. గ్యాస్ పైపు, ప్లగ్గులు, వైర్లు, కుక్కర్ మూత, ఫ్రిజ్ తలుపు రబ్బరు వరసగా చూసుకోవడం. నాలుగేళ్లుగా చేస్తుంటే తేలిందేమిటంటే, వీటిలో కొన్నిటికి నెలకోసారి సరిపోదు, కొన్నిటికి అంత తరచుగా అక్కర్లేదు.

ముందు గ్యాస్. అది అయ్యేదాకా ఏ స్విచ్చూ ముట్టుకోకూడదు. పొయ్యి నాబ్‌లన్నీ కట్టేసి, రెగ్యులేటర్ మాత్రం తెరిచి ఉంచాలి. అరగ్లాసు నీళ్లలో చెంచాడు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, పాత బ్రష్షుతో రెగ్యులేటర్ దగ్గర పైపు ఎక్కిన చోట, పైపు పొడవునా, పొయ్యి దగ్గర పూయాలి. ఇక్కడే చాలామంది తికమకపడతారు. బ్రష్షు రాసినప్పుడు వచ్చే నురగ దానంతటదే విరిగిపోతుంది. లీకు బుడగ అలా కాదు, ఒకే చోట నెమ్మదిగా ఉబ్బుతుంది. గుడ్డతో తుడిచి మళ్లీ పూస్తే మళ్లీ అక్కడే లేస్తుంది. ఒక నిమిషం కదలకుండా చూస్తే తేడా కళ్లకు కడుతుంది. అగ్గిపుల్లతో ఎప్పుడూ చూడకూడదు.

బుడగ రాలేదని పైపు బాగున్నట్టు కాదు. నారింజ రంగు సురక్ష పైపును చేత్తో వంచి చూడాలి. నిటారుగా ఉన్నప్పుడు కనపడని సన్నని పగుళ్లు వంచితే నోరు తెరుస్తాయి. పొయ్యి వేడి తగిలే జానెడు మేర, గట్టు అంచు రాసుకునే చోట వీటికోసం ముందు వెతకాలి. పగులుకు టేపు చుట్టడం పనికిరాదు, పైపు మార్చాల్సిందే. పగుళ్లు లేకపోయినా ఐదేళ్లకు మార్చేయాలి. పైపు మీద అచ్చయిన సంవత్సరం చూసుకుంటే చాలు.

రెగ్యులేటర్‌కు ఇంకో పరీక్ష ఉంది. పొయ్యి వెలిగించి రెగ్యులేటర్ కట్టేస్తే, పైపులో మిగిలిన గ్యాస్ అయిపోయి కాసేపట్లో మంట ఆరిపోవాలి. ఆరకపోతే రెగ్యులేటర్ సరిగా మూసుకోవడం లేదన్నమాట. సబ్బునీళ్లు చెప్పలేని సంగతి కూడా ఒకటుంది: నాబ్ లోపలి వాల్వు అరిగితే గ్యాస్ బర్నర్ లోంచి వస్తుంది, పైపు మీద బుడగే రాదు. అన్నీ కట్టేసినా పొయ్యి దగ్గర వాసన వస్తుంటే అదే అనుమానించాలి. వాసన గట్టిగా ఉంటే రెగ్యులేటర్ కట్టి, తలుపులు తీసి, స్విచ్చులు వేయకుండా, ఆర్పకుండా బయటికొచ్చి గ్యాస్ లీకు హెల్ప్‌లైన్ 1906కు ఫోన్ చేయాలి.

ప్లగ్గులను చల్లగా ఉన్నప్పుడు చూస్తే సగమే తెలుస్తుంది. ఇండక్షన్ పొయ్యిని పావుగంట వాడి, స్విచ్ ఆర్పి, ప్లగ్గు తీసి దాని ఒంటిని వేలి వెనకవైపుతో తాకాలి. పిన్నులను మాత్రం వెంటనే పట్టుకోకూడదు, కాలతాయి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి నిలవకపోతే లోపం ఉన్నట్టే. 2000 వాట్ల పొయ్యి 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని కన్వర్టర్ పెట్టి 6 ఆంపియర్ల సాకెట్‌లో గుచ్చితే వేడెక్కక మానదు. 16 ఆంపియర్ల సాకెట్‌లోనే వేడెక్కుతుంటే పిన్నులు చూడాలి. ఒక్క పిన్నే నల్లబడి, పక్కది మెరుస్తుంటే, ఆ పిన్ను పట్టు వదులైందని అర్థం: సాకెట్‌లో లోహపు రేకు వదులైనా కావచ్చు, ప్లగ్గు లోపల మర వదులైనా కావచ్చు. ఇక్కడ ఒక్క ప్లగ్గే మార్చి ఊరుకోవడం మామూలుగా చేసే తప్పు. వదులైన పాత రేకు కొత్త పిన్నునూ కాల్చేస్తుంది. మెయిన్ ఆపించి, ఎలక్ట్రీషియన్‌తో రెండూ కలిపి మార్పించాలి. మిక్సీ వైరుకు మాత్రం ఒంట్లోకి వెళ్లే చోట వంచి చూస్తే చాలు, తెగేది ఎక్కువగా అక్కడే.

ఈ తనిఖీలో అసలు లోపం కుక్కర్ దగ్గరుంది. ఆవిరి గొట్టాన్ని నెలకోసారి చూడటం ఏ మూలకూ చాలదు. ఒక్కపూట కందిపప్పు పొంగితే చాలు, పొట్టు అడ్డుపడుతుంది. వండే ప్రతిసారీ వెయిట్ తీసి, మూతను వెలుతురుకు ఎత్తి గొట్టంలోంచి చూడాలి. గుండ్రంగా వెలుగు కనపడాలి. కనపడకపోతే పిన్నీసుతో పొడిచి, కుళాయి కింద పెట్టాలి. పప్పు, నీళ్లు కలిపి కుక్కర్‌లో సగం దాటకపోతే ఈ బెడద చాలావరకు తప్పుతుంది. నెలవారీగా చూడాల్సింది రబ్బరు: గట్టిపడి, వంచితే గీతలు పడుతుంటే మార్చాలి. మూత చుట్టూ ఆవిరి కారి విజిల్ ఆలస్యమవుతుంటే అడుగున నీళ్లు ఇగిరిపోతున్నాయని గుర్తు. సేఫ్టీ వాల్వ్ కరిగిపోయిందంటే గొట్టం మూసుకుపోయిందో, నీళ్లు అయిపోయాయో అన్నమాట. ముందు ఆ కారణం సరిచేసి, ఆ కంపెనీదే కొత్తది వేయాలి.

ఫ్రిజ్ తలుపు రబ్బరుకు ఆరునెలలకోసారి చాలు. పదిరూపాయల నోటు తలుపులో ఇరికించి లాగితే కాస్త బిగువుగా రావాలి. వదులుగా జారిపోతే రబ్బరు మడతల్లో జిడ్డు గోరువెచ్చని సబ్బునీళ్లతో తుడిచి మళ్లీ చూడాలి. చాలాసార్లు కొత్త రబ్బరు అవసరం పడదు.