గ్రీన్ లైట్ వస్తుంది, బ్యాటరీ మాత్రం నిండదు: కొత్త ఛార్జరా, పిన్ మార్చడమా, ప్యాక్ విప్పించడమా, ఏది మేలు?

ముందుగా ఒక్క విషయం. ఎలక్ట్రిక్ సైకిల్ ఛార్జర్ మీద గ్రీన్ వెలిగిందంటే బ్యాటరీ నిండిందని కాదు, ఛార్జర్‌లోంచి బయటికి పోయే కరెంటు బాగా తగ్గిందని మాత్రమే. కావాలంటే బ్యాటరీకి తగిలించకుండా ఛార్జర్‌ని ఒక్కదాన్నే గోడ సాకెట్లో పెట్టి చూడండి, అప్పుడూ గ్రీనే వెలుగుతుంది. కరెంటు ఆగడానికి బ్యాటరీ నిండటం ఒక కారణం అయితే, మధ్యలో ఎక్కడో దారి తెగిపోవడం ఇంకో కారణం, ఈ రెండింటికీ తేడా ఆ లైటుకి తెలియదు.

ఈ సమస్య రాగానే ఎక్కువమంది చేసే పని కొత్త ఛార్జర్ కొనడం. నా లెక్కలో అది మొదటి ఖర్చు కాకూడదు. కొన్ని వందల్లో దొరికే మామూలు మల్టీమీటర్ ఒకటి తెచ్చుకుంటే మూడింటిలో తప్పు ఎక్కడుందో చాలావరకు ఇంట్లోనే తేలిపోతుంది.

మన దగ్గర ఎక్కువగా కనిపించే 36 వోల్టుల లిథియం అయాన్ బ్యాటరీనే తీసుకుందాం. అందులో వరసగా పది సెల్ గ్రూపులుంటాయి, ఒక్కో గ్రూపు 4.2 వోల్టులకి నిండుతుంది కాబట్టి మొత్తం 42 వోల్టులు. అందుకే దాని ఛార్జర్ మీద 42V 2A అని ఉంటుంది. మీటర్‌ని డీసీ 200 రేంజ్‌లో పెట్టి, ఛార్జర్ పిన్ లోపల ఎర్ర ప్రోబ్, బయటి రేకుకి నల్ల ప్రోబ్ ఆనించండి, రెండూ ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి. 42కి అటూ ఇటూగా 0.2, 0.3 వోల్టుల తేడా ఉంటే వోల్టేజీ బాగానే ఉన్నట్టు. 40 దగ్గర ఆగిపోయిందనుకోండి, బ్యాటరీ కూడా 40కి చేరగానే కరెంటు ఆగి గ్రీన్ వచ్చేస్తుంది, అప్పుడు కొత్త ఛార్జర్ కొనడమే సరైన పని. ఇంకో రకం ఛార్జర్లుంటాయి, ఖాళీగా చూస్తే 42 చక్కగా చూపిస్తాయి, కరెంటు అడిగితే మాత్రం ఇవ్వలేవు. అరగంట తర్వాత ఛార్జర్ ఒంటి మీద చెయ్యి పెట్టి చూడండి. 2 ఆంపియర్లు ఇస్తున్న ఛార్జర్ గోరువెచ్చగానైనా ఉంటుంది, చల్లగా ఉందంటే కరెంటు పోవట్లేదు. అయితే ఆ ఆగడం ఛార్జర్ వల్లా, అవతల దారి మూసుకుపోవడం వల్లా అన్నది చల్లదనం చెప్పదు, అదే రకం సైకిల్ ఉన్నవాళ్ల ఛార్జర్‌తో ఒకసారి పెట్టి చూస్తే తేలుతుంది.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. పిన్ పడుతోంది కదా అని 36 వోల్టుల లెడ్ యాసిడ్ ఛార్జర్ అంటగట్టే షాపులున్నాయి. దాని వోల్టేజీ 44 దాకా వెళ్తుంది, లిథియం ప్యాక్‌కి అది ఎక్కువ. మీద 42V అని, లిథియం అని రాసి ఉన్నదే తీసుకోండి.

ఇక పిన్, సాకెట్. ఇది అన్నిటికంటే చవకైన రిపేరు, అన్నిటికంటే ముందు చూడాల్సింది కూడా. టార్చ్ వేసి బ్యాటరీ సాకెట్ లోపలికి చూడండి, నడిమి పిన్ నల్లబడిందా, చుట్టూ ప్లాస్టిక్ కాస్త కరిగి పసుపు రంగు తిరిగిందా. ఛార్జింగ్ పెట్టి వైరు మెల్లగా కదిపితే లైటు ఎరుపు, గ్రీన్, మళ్లీ ఎరుపు అవుతోందంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. ఒకే సైజులా కనిపించే ఈ గుండ్రటి పిన్నుల్లో నడిమి రంధ్రం 2.1 మిల్లీమీటర్లది, 2.5 మిల్లీమీటర్లది రెండు రకాలున్నాయి, సన్న పిన్ ఉన్న సాకెట్లో 2.5ది పెడితే లోపలికి దూరుతుంది గానీ వదులుగా ఆడుతుంది. మారు ఛార్జర్ కొన్నవాళ్లకి ఇది తరచుగా జరుగుతుంది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. అరిగిన పిన్, మధ్యమధ్యలో తెగిపోకుండా తగులుతూనే ఉంటే, బ్యాటరీని ఆలస్యంగా నింపుతుంది గానీ, నిండకుండా ఆపదు. అర ఓమ్ అడ్డు ఉందనుకుంటే 2 ఆంపియర్ల దగ్గర ఒక వోల్టు అక్కడే పోతుంది, 2 వాట్ల వేడి ఆ చిన్న పిన్‌లోనే పుడుతుంది, ప్లాస్టిక్ కరిగేది అందుకే. కానీ చివర్లో కరెంటు తగ్గేకొద్దీ ఆ నష్టమూ తగ్గిపోతుంది, గ్రీన్ వచ్చేసరికి మిగిలే తేడా చాలా కొంచెం. కాబట్టి కదిపినా లైటు మారట్లేదు, ప్రతిసారీ సరిగ్గా ఒకే వోల్టేజీ దగ్గర ఆగిపోతోంది అంటే పిన్‌ని వదిలేసి ప్యాక్ లోపలి బీఎంఎస్ వైపు చూడాలి. ప్రతి సెల్ గ్రూపునీ కనిపెట్టుకుని ఉండే రక్షణ బోర్డు అది.

మా తమ్ముడి సైకిల్ సంగతి ఇదే. ఛార్జర్ 42.0 చూపించింది, పిన్ శుభ్రంగా ఉంది, గ్రీన్ వచ్చాక బ్యాటరీ మాత్రం 40.1. మెకానిక్ ప్యాక్ విప్పి పది గ్రూపులూ కొలిస్తే ఒకటి 4.25కి చేరింది, మిగతా తొమ్మిదీ 3.98 దగ్గరే ఉన్నాయి. పది కుండల్లో ఒకటి పొంగబోతోందని కుళాయి కట్టేసినట్టు, ఆ ఒక్క గ్రూపు కోసం బీఎంఎస్ మొత్తం ఛార్జింగ్ ఆపేసింది. అది చెడిపోలేదు, చేయాల్సిన పనే చేసింది. చాలా బోర్డులు నిండిన గ్రూపులోంచి కొద్దికొద్దిగా కరెంటు కరిగించి అన్నిటినీ సమం చేస్తాయి, కానీ ఆ కరెంటు 0.05 ఆంపియర్ల లాంటి చిన్న మొత్తం, ఒక ఆంపియర్ అవర్ తేడా సరిచేయాలంటే 20 గంటలు పడుతుంది. అందుకని ప్యాక్ విప్పించే ముందు, మనుషులు మెలకువగా ఉండే వేళల్లో, మంచానికి దూరంగా, ఛార్జర్‌ని గ్రీన్ వచ్చాక కూడా కొన్ని గంటలు ఉంచి చూడొచ్చు. మరుసటి రోజుకి ఆగే వోల్టేజీ కొంచెం పెరిగితే సమం అవుతోందని అర్థం, అలాగే ఇంకొన్నాళ్లు కొనసాగించండి. అస్సలు కదలకపోతేనే మెకానిక్ దగ్గరికి.

పెట్టగానే గ్రీన్ వస్తే కథ వేరు. వర్షాకాలమంతా సైకిల్ మూల పడి ఉంటే బీఎంఎస్ తనకి కావలసిన కొంచెం కరెంటూ తాగుతూనే ఉంటుంది, చివరికి ప్యాక్ బాగా దిగిపోయి తాళం పడుతుంది. ఇలాంటప్పుడు బ్యాటరీ మోటార్ వైపు మీటర్ పెడితే ఒకటి రెండు వోల్టులే చూపించవచ్చు. అంటే సెల్స్ చచ్చిపోయాయని కాదు, బోర్డు తలుపు మూసిందని. లోపల గ్రూపులు 3 వోల్టుల చుట్టుపక్కల ఉంటే మెకానిక్ చిన్న కరెంటుతో మెల్లగా లేపగలడు. 2 వోల్టుల కిందికి పోయి నెలలు గడిచిన గ్రూపు ఉంటే దాన్ని లేపమని బతిమాలకండి, లోపల రాగి కరిగి షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. మే నెల ఎండలో తొక్కొచ్చి వెంటనే ఛార్జింగ్ పెట్టినా, వేడి సెన్సర్ ఉన్న ప్యాక్ తీసుకోదు. గంట నీడలో ఉంచి మళ్లీ పెట్టండి, దీనికి ఎవరికీ డబ్బులివ్వక్కర్లేదు.

అందుకే నా ఓటు ఇలా ఉంటుంది: కదిపితే లైటు మారుతుంటే సాకెట్, పిన్ రెండూ కలిపి మార్పించండి, ఒకటే మారిస్తే అరిగినది కొత్తదాన్నీ పాడుచేస్తుంది. మీటర్ 42 చూపించకపోతే, లేదా వేరే ఛార్జర్‌తో బాగా ఎక్కుతుంటే, ఛార్జర్ కొనండి. రెండూ బాగుండి, గ్రీన్ వచ్చాక గంటలకొద్దీ ఉంచి చూసినా ఒకే దగ్గర ఆగుతుంటే ప్యాక్ విప్పించండి, అది కూడా పది గ్రూపుల రీడింగులు కాగితం మీద రాసిచ్చే మెకానిక్ దగ్గరే. "బీఎంఎస్ తీసేసి డైరెక్ట్‌గా ఇచ్చేస్తా", "మోటార్ వైరు నుంచి ఛార్జింగ్ ఎక్కిద్దాం", "ఛార్జర్ లోపల స్క్రూ తిప్పి వోల్టేజీ పెంచుతా" అన్నవాళ్ల దగ్గర్నుంచి బ్యాటరీ వెనక్కి తెచ్చేసుకోండి. ఆ 4.25 గ్రూపుని ఇంకా పైకి తోస్తే మంటలంటుకునేది మన ఇంట్లోనే.