సీబీఎంను సీఎఫ్‌టీలోకి ఎప్పుడు మార్చాలి: ఏది మేలు?

చౌటుప్పల్, కొయ్యలగూడెం వైపు నుంచి ఇక్కత్ బెడ్‌షీట్లు, కర్టెన్ గుడ్డ బయటి దేశాలకు పంపేవాళ్లు కంటైనర్ బుకింగ్ దగ్గరికొచ్చేసరికి నన్ను ఒకటే మాట అడుగుతారు. "అన్నా, సీబీఎంని ముప్పై అయిదుతో గుణిస్తే సరిపోతదా, దాని మీద ఇంకా పాయింట్లు పెట్టాల్నా?" అమెరికాలో కొనేవాళ్లు తమ గోడౌన్ లెక్క కోసం సీఎఫ్‌టీలు, అంటే ఘనపుటడుగులు, అడుగుతారు. మన దగ్గర సరుకు రవాణా చూసే ఏజెంటు, అంటే ఫార్వర్డర్, మాత్రం సీబీఎంకు, అంటే క్యూబిక్ మీటర్‌కు ఇంత అని రేటు చెబుతాడు. మధ్యలో ప్యాకింగ్ లిస్ట్ రాసేవాళ్లకు టెన్షన్.

గుణించే అంకె గురించి వాదన అక్కర్లేదు. ఒక అడుగు అంటే కచ్చితంగా 0.3048 మీటర్. కాబట్టి ఒక మీటర్‌లో 3.28084 అడుగులు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ మారతాయి కనుక దాన్ని మూడుసార్లు గుణించాలి. అప్పుడు ఒక క్యూబిక్ మీటర్‌కు 35.3147 ఘనపుటడుగులు వస్తాయి. నా దృష్టిలో తేల్చుకోవాల్సింది వేరే ఉంది: ఈ మార్పిడి లెక్క మొదట్లో చేయాలా, చివర్లో చేయాలా? డబ్బు తేడా అక్కడే వస్తుంది.

ఒక సరుకు తీసుకుని చూద్దాం. 48 అట్టపెట్టెలు, ఒక్కోటి బయటి కొలతతో 60 × 45 × 40 సెంటీమీటర్లు. బరువు పెట్టెకు 22 కిలోలు. కంటైనర్ మొత్తం అక్కర్లేదు, వేరేవాళ్ల సరుకుతో కలిపి పంపే ఎల్‌సీఎల్ బుకింగ్.

మొదటి పద్ధతి: అంతా సెంటీమీటర్లలోనే కొలిచి, సీబీఎంలోనే కూడి, చివర్లో ఒక్కసారి మార్చడం. ఒక పెట్టె 0.108 సీబీఎం. 48 పెట్టెలు 5.184 సీబీఎం. దాన్ని 35.3147తో గుణిస్తే 183.07 సీఎఫ్‌టీ.

రెండో పద్ధతి: ఇంచుల టేపుతో కొలిచి నేరుగా సీఎఫ్‌టీ తీయడం. మన దగ్గర ఎక్కువమంది చేతికి వచ్చేది ఇదే, ఎందుకంటే ఇల్లు కట్టినా, కర్ర కొన్నా అడుగులు, ఇంచుల్లోనే మాట్లాడతాం. 60 సెంటీమీటర్లు అంటే 23.62 ఇంచులు, దాన్ని 24 అని రాసుకుంటారు. 45 అంటే 17.72, అది 18 అవుతుంది. 40 అంటే 15.75, అది 16. మూడూ గుణించి, ఒక ఘనపుటడుగులో ఉండే 1728 ఘనపు ఇంచులతో భాగిస్తే పెట్టెకు సరిగ్గా 4 సీఎఫ్‌టీ. లెక్క ఇంత సాఫీగా తేలేసరికి అనుమానమే రాదు. 48 పెట్టెలకు 192 సీఎఫ్‌టీ.

అదే సరుకు, అవే పెట్టెలు. మధ్యలో దాదాపు 9 ఘనపుటడుగులు పుట్టుకొచ్చాయి. అంటే పావు సీబీఎం, లేని రెండు పెట్టెలకు పైగా చోటు. ఒక్కో కొలతలో పెంచింది అర ఇంచు కూడా లేదు, కానీ మూడు వైపులా పెంచాం, ఆ పైన 48తో గుణించాం. అందుకే చిన్నగా పోవాల్సిన తేడా పెద్దదైంది.

మూడోది కూడా కొందరు చేస్తారు: ఒక్కో పెట్టె సీబీఎంను విడిగా సీఎఫ్‌టీలోకి మార్చి, పైకి సరిచేసి, తర్వాత కూడటం. ఇక్కడ 3.81ని 4 చేస్తారు కాబట్టి మళ్లీ 192కే వస్తుంది. దీని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

అందుకే నేను మొదటి పద్ధతి వైపే. సెంటీమీటర్లలో కొలవండి, సీబీఎంలో కూడండి, మార్పిడి ఒక్కసారే చేయండి, రౌండ్ చేయడం కూడా ఆ చివరి అంకెనే చేయండి. కంప్యూటర్‌లో ప్యాకింగ్ లిస్ట్ చేసేవాళ్లు ప్రతి వరుస సీబీఎంను F కాలమ్‌లో ఉంచి, కింద మొత్తం దగ్గర ఈ ఒక్క ఫార్ములా పెడితే చాలు:

```
=ROUNDUP(SUM(F2:F20)*35.3147,1)
```

మరి 35తో గుణిస్తే? 5.184 సీబీఎంకు 181.44 వస్తుంది. అసలు అంకెకు ఒకటిన్నర సీఎఫ్‌టీ పైచిలుకు తక్కువ, అంటే సగం పెట్టె కూడా కాదు. ఫోన్‌లో మాట్లాడుతూ అంచనా వేసుకోవడానికి తప్పేం లేదు. కానీ తక్కువ చూపించే వైపు తప్పుతోంది, చోటు బుక్ చేసేటప్పుడు ఆ వైపు తప్పకూడదు. అందుకని నోటి లెక్కకు నేను రెండు అంకెలు వాడతాను. సరుకు ఎంత చోటు తింటుందో చూసుకునేటప్పుడు 36తో గుణిస్తాను. కంటైనర్‌లో ఎంత చోటు ఉందో చూసుకునేటప్పుడు 35తో గుణిస్తాను. సరుకు కొంచెం పెద్దదిగా, కంటైనర్ కొంచెం చిన్నదిగా కనిపిస్తే బుకింగ్ రోజున ఇబ్బంది ఉండదు.

35.3, 35.3147ల మధ్య తేడా ఈ సరుకు మీద ఘనపుటడుగులో పదో వంతు కూడా లేదు. ఆ దశాంశాల గురించి పడే తాపత్రయమంతా టేపు పట్టే చెయ్యి మీద పడితే బాగుంటుంది. ఎందుకంటే గుడ్డ పెట్టెలకు పొట్ట వస్తుంది.

మడత పెట్టిన నూలు బెడ్‌షీట్లను నొక్కి పెట్టెలో కుక్కి టేపు వేస్తాం. పొద్దున చూసేసరికి పై మూతలు ఉబ్బి ఉంటాయి. పెట్టె అంచు దగ్గర ఎత్తు కొలిస్తే 40 సెంటీమీటర్లే చూపిస్తుంది, నడుమ 43 ఉంటుంది. ఎల్‌సీఎల్ సరుకు గోడౌన్‌కు చేరాక అక్కడివాళ్లు మళ్లీ కొలుస్తారు, అదీ ఎక్కువ పొడుచుకొచ్చిన చోటు నుంచి. ఎత్తు 43 అయితే పెట్టె 0.1161 సీబీఎం, మొత్తం 5.573 సీబీఎం, అంటే 196.8 సీఎఫ్‌టీ. మనం చెప్పింది 183, వాళ్ల కొలత 197. 35 అనాలా, 35.3147 అనాలా అన్న వాదనకు ఒకటిన్నర ఘనపుటడుగుల తేడా అయితే, ఈ పొట్టకు 14 ఘనపుటడుగుల తేడా.

కాబట్టి కొలిచే తీరు చెబుతాను. పెట్టెలు కట్టిన రోజు కొలవొద్దు, ఒక రాత్రి ఉండనిచ్చి, పట్టీలు బిగించాక కొలవండి. పెట్టెను గోడకు ఆనించి, ఎదురువైపు ఒక చదునైన చెక్కపలకను నిలువుగా తగిలించి, గోడ నుంచి పలక దాకా టేపు పట్టండి. ఉబ్బు ఎక్కడున్నా దొరికిపోతుంది. ఎత్తుకు పలకను పైన పడుకోబెట్టి నేల నుంచి కొలవండి. దొంతరలో అడుగున ఉన్న పెట్టెలు బరువుకు పక్కలకు ఉబ్బుతాయి, అందుకని పైదొకటే కొలిచి అన్నీ అంతే అనుకోవద్దు. ఫార్వర్డర్‌కు చెప్పిన సీబీఎంకు, గోడౌన్ నుంచి వచ్చిన కొలతకు తేడా ఉంటే ముందు అనుమానించాల్సింది ఎత్తునే. వాళ్ల సీబీఎంను పెట్టెల సంఖ్యతో భాగించి, దాన్ని మీ పొడవు, వెడల్పులతో భాగిస్తే వాళ్లు ఎంత ఎత్తు పట్టారో తెలిసిపోతుంది. ఇక్కడ 5.573ని 48తో, తర్వాత 0.60తో, 0.45తో భాగిస్తే 0.43 మీటర్ వస్తుంది. అప్పుడు మాట్లాడటానికి చేతిలో ఒక అంకె ఉంటుంది.

ప్యాలెట్ మీద పెట్టి పంపేవాళ్లు ఇంకో లెక్క చూసుకోవాలి. 120 × 100 సెంటీమీటర్ల ప్యాలెట్ మీద ఈ పెట్టెలు వరుసకు నాలుగు పడతాయి, మూడు వరుసలకు 12. అంటే నాలుగు ప్యాలెట్లు. వెడల్పులో 10 సెంటీమీటర్లు ఖాళీగా మిగులుతుంది, కింద ప్యాలెట్ ఎత్తు సుమారు 15 సెంటీమీటర్లు చేరుతుంది. పెట్టెలు ఉబ్బలేదనుకున్నా ఒక్కో ప్యాలెట్ 1.62 సీబీఎం, నాలుగూ 6.48 సీబీఎం, అంటే దాదాపు 229 సీఎఫ్‌టీ. ఖాళీ చోటుకు కూడా డబ్బు పడుతుంది, ఎందుకంటే దాని మీద వేరేవాళ్ల సరుకు పెట్టలేరు. ప్యాలెట్ కట్టేదైతే పెట్టెల సీబీఎంను మార్చి పంపడం దండగ. ప్యాలెట్ల బయటి కొలత తీసుకుని అప్పుడు మార్చండి.

మొత్తం కంటైనర్ తీసుకునేవాళ్లకు ఈ మార్పిడి అంత బాధ పెట్టదు. 20 అడుగుల కంటైనర్ లోపల దాదాపు 33 సీబీఎం, అంటే 1,170 సీఎఫ్‌టీ దాకా ఉంటుంది. పెట్టెలు పేర్చాక నిజంగా వాడుకునేది 27 సీబీఎం అనుకుంటే, 35తో గుణించి 945 సీఎఫ్‌టీ అని పెట్టుకుంటే సరిపోతుంది. మిర్యాలగూడ బియ్యం, గ్రానైట్ పంపేవాళ్లకు అసలు బరువే ముందు నిండుతుంది. గ్రానైట్ 10 సీబీఎం ఉంటేనే సుమారు 27 టన్నులు. వాళ్లు సీఎఫ్‌టీ గురించి ఆలోచించాల్సిన పని లేదు.

ఎల్‌సీఎల్‌లో కూడా బరువు, ఘనపరిమాణం రెండూ చూసి ఏది ఎక్కువైతే దానికే రేటు వేస్తారు, ఒక సీబీఎంకు ఒక టన్ను చొప్పున. మన 48 పెట్టెలు 1,056 కిలోలు, అంటే 1.056 టన్నులు. ఘనపరిమాణం 5 సీబీఎం దాటింది కనుక ఇక్కడ సీబీఎందే పైచేయి.

ఒక్కోసారి రేటే సీఎఫ్‌టీకి చెబుతారు, ముఖ్యంగా ఇంటి సామాను అమెరికాకు పంపే మూవర్లు. ఒకరు సీబీఎంకు 4,200 రూపాయలు, ఇంకొకరు సీఎఫ్‌టీకి 125 రూపాయలు అన్నారనుకుందాం. 125 చిన్న అంకెలా కనిపిస్తుంది. దాన్ని 35.3147తో గుణిస్తే సీబీఎంకు 4,414 రూపాయలు పడుతుంది. ఆ పైన ఇద్దరినీ ఒక మాట అడగండి: కనీసం ఎంత ఘనపరిమాణానికి బిల్లు వేస్తారు, సరిచేయడం ఒక్కో పెట్టెకు చేస్తారా, మొత్తానికి చేస్తారా? పెట్టెకు చేస్తామంటే పైన చూసిన 192 లెక్కే మీ బిల్లులో ఉంటుంది.