షాట్లన్నీ ఒకే ప్రాంప్ట్‌లోనా, షాట్‌కో క్లిప్పా: ఏది మేలు?

ఏఐ వీడియో మోడల్‌తో మూడు నాలుగు షాట్ల సీక్వెన్స్ చేయాలనుకునేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. షాట్లన్నిటినీ సెకన్లతో సహా ఒకే ప్రాంప్ట్‌లో రాసి ఒకేసారి తీయించాలా? లేక ఒక్కో షాట్‌ని విడి క్లిప్‌గా తీయించి ఎడిటింగ్‌లో అతకాలా? మూడో దారి కూడా ఉంది. సెకన్లూ షాట్లూ ఏమీ చెప్పకుండా కథంతా ఒక పేరాగా రాసేసి, కట్‌లు ఎక్కడ పడాలో మోడల్‌కే వదిలేయడం. మూడ్ చూసుకోవడానికి అది సరిపోతుంది, సీక్వెన్స్‌కి సరిపోదు. కాబట్టి పోటీ మొదటి రెండింటి మధ్యే.

మాటల్లో తేలేది కాదు కాబట్టి ఒక సీన్ తీసుకుందాం. ఎనిమిది సెకన్లు, మూడు షాట్లు. గడియారాలు బాగుచేసే ముసలాయన బల్ల ముందు కూర్చుని ఉంటాడు. పట్టకారుతో చిన్న పళ్లచక్రాన్ని ఎత్తుతాడు. దగ్గరి షాట్‌లో ఆ చక్రం గడియారంలో కూర్చుంటుంది. తర్వాత ఆయన ముఖం, టిక్‌టిక్ మొదలవుతుంది.

ఒకే ప్రాంప్ట్‌గా రాస్తే ఇలా ఉంటుంది. ఇంగ్లీషులో రాసినా అమరిక ఇదే.

```
అన్ని షాట్లలో: నీలి గళ్ళ చొక్కా ముసలాయన, వెండి ఫ్రేమ్ కళ్లద్దాలు.
కిటికీ ఫ్రేమ్‌కి ఎడమవైపు, వెలుగు అటునుంచే. కెమెరా బల్లకు ఇవతలే.
[00:00-00:03] మిడ్ షాట్, కెమెరా కదలదు. నీలి గళ్ళ చొక్కా ముసలాయన
కిటికీ వైపు చేత్తో పట్టకారు పట్టుకుని పళ్లచక్రం ఎత్తుతాడు.
కట్.
[00:03-00:05] క్లోజప్. కిటికీ వైపు చేతిలోని పట్టకారు చక్రాన్ని
గడియారంలో దించుతుంది.
కట్.
[00:05-00:08] ముఖం క్లోజప్. నీలి గళ్ళ చొక్కా ముసలాయన తల వంచి
వింటాడు. శబ్దం: టిక్‌టిక్.
```

దీన్ని తీయిస్తే సెకన్లు మీరు రాసినట్టే రావు. మోడల్ టైమ్‌ని స్టాప్‌వాచ్‌లా కాకుండా సూచనలా తీసుకుంటుంది. మూడో సెకనుకి పడాల్సిన కట్ కాస్త ముందో వెనకో పడుతుంది. రెండు సెకన్ల షాట్‌లో రెండు పనులు చెబితే ఒకటి సగంలోనే ఆగుతుంది, లేదా పక్క షాట్ టైమ్‌ని తినేస్తుంది. అందుకే షాట్‌కి ఒకే పని పెట్టాలి. షాట్ల సెకన్లన్నీ కలిపితే క్లిప్ నిడివికి సరిగ్గా సరిపోవాలి. మాటలుంటే వాటిని పైకి చదివి ఎన్ని సెకన్లు పడుతుందో కొలిచాకే షాట్ నిడివి వేయాలి. మామూలుగా జరిగే ఇంకో తప్పు, కట్ అని విడిగా రాయకుండా 'తర్వాత' అని రాయడం. అప్పుడు కెమెరా మిడ్ షాట్ నుంచి చేతి దాకా జారుకుంటూ వెళ్తుంది, కట్ మాయమవుతుంది.

విడి క్లిప్పుల్లో ఈ గొడవలేవీ లేవు. చాలా టూల్స్ రెండు సెకన్ల క్లిప్ ఇవ్వవు. గూగుల్ వీడియో మోడల్ వియో 3.1లో తక్కువ నిడివి నాలుగు సెకన్లు. నాలుగు తీయించి, చక్రం సరిగ్గా కూర్చునే రెండు సెకన్లు కోసుకుంటే సరి. నచ్చని షాట్ ఒక్కదాన్నే మళ్లీ తీయించుకోవచ్చు. టైమింగ్ పూర్తిగా మన చేతిలో ఉంటుంది. ఇంతవరకు చూస్తే విడి క్లిప్పులే గెలవాలి.

కానీ నా లెక్కలో తేల్చేది టైమింగ్ కాదు, కట్‌కి అటూ ఇటూ కంటిన్యుటీ. కారణం ఒక్కటే. తప్పిన టైమింగ్‌ని ఎడిటింగ్‌లో చాలావరకు సరిచేయొచ్చు, షాట్‌ని పది ఫ్రేములు ముందే కోసేయొచ్చు. తప్పిన కంటిన్యుటీని ఎడిటింగ్‌లో సరిచేయడం దాదాపు కుదరదు. రెండో షాట్‌లో పట్టకారు పొడవు మారితే, వెలుగు అవతలి పక్క నుంచి పడితే, ఏ కోతా దాన్ని దాచలేదు.

ఒకే ప్రాంప్ట్‌లో మూడు షాట్లూ ఒకే తీతలో పుడతాయి కాబట్టి చొక్కా గళ్ళు, బల్ల రంగు, వెలుగు చాలావరకు నిలబడతాయి. విడి క్లిప్‌కి ముందు క్లిప్ గుర్తుండదు. అక్కడ 'అదే ముసలాయన' అని రాస్తే దానికి అర్థమే లేదు. ప్రతి ప్రాంప్ట్‌లోనూ వర్ణన మొత్తం అక్షరం మారకుండా మళ్లీ రాయాలి, రిఫరెన్స్ ఫొటో ఇవ్వాలి. ఫొటో ముఖాన్ని కాపాడుతుంది గానీ చక్రం ఎంత ఎత్తులో ఉంది, పట్టకారు ఏ కోణంలో ఉంది అన్నది కాపాడదు. మన సీన్‌లో పని కట్ మీదుగా సాగుతోంది, అందుకే దెబ్బ అక్కడే తగులుతుంది.

దీనికి మందుగా చాలామంది ముందు క్లిప్ చివరి ఫ్రేమ్‌ని తర్వాతి క్లిప్‌కి మొదటి ఫ్రేమ్‌గా ఇస్తారు. అదే షాట్‌ని పొడిగించడానికి అది మంచి పద్ధతే. కట్‌కి మాత్రం పనికిరాదు. కట్ అంటేనే కోణం మారాలి, చివరి ఫ్రేమ్ ఇస్తే పాత కోణంతోనే మొదలవుతుంది. పైగా ఇలా నాలుగైదుసార్లు గొలుసు కడితే రంగులు ముదురుతాయి, ముఖం మెత్తబడుతుంది.

ఒకే ప్రాంప్ట్ రాసినంత మాత్రాన కంటిన్యుటీ దానంతటదే రాదు. ఎడమ, కుడి అన్న మాటలే ఎక్కువగా ముంచుతాయి. మనిషి కెమెరా వైపు చూస్తుంటే ఆయన ఎడమ మనకు కుడి. అందుకే పై ప్రాంప్ట్‌లో కిటికీని ఫ్రేమ్ లెక్కలో చెప్పాను, చేతిని 'కిటికీ వైపు చేయి' అన్నాను. కిటికీ కదలదు కాబట్టి ఆ చేయి మారితే వెంటనే దొరుకుతుంది. కెమెరా బల్లకు ఇవతలే అనడం కూడా ఇందుకే. అది అవతలికి దూకితే కిటికీ ఫ్రేమ్‌కి కుడివైపుకి వచ్చేస్తుంది, చూసేవాళ్లకి ముసలాయన తిరిగి కూర్చున్నట్టు అనిపిస్తుంది. మూడో షాట్‌లో 'ఆయన' అనకుండా నీలి గళ్ళ చొక్కా ముసలాయన అని మళ్లీ రాయడం విసుగే, కానీ సర్వనామం పెట్టిన చోటే మనిషి మారిపోయే అవకాశం ఎక్కువ.

తేడా పట్టుకోవాలంటే ప్లే చేసి చూడటం చాలదు, కదలికలో కన్ను మోసపోతుంది. కట్‌కి ముందు ఫ్రేమ్‌నీ తర్వాతి ఫ్రేమ్‌నీ పక్కపక్కన పెట్టి నీడ ఎటు పడింది, ఏ చేయి, చేతిలోని వస్తువు ఏ స్థితిలో ఉంది అన్న మూడూ చూడండి.

ఒకే ప్రాంప్ట్‌కి ఉన్న అసలు లోపం, ఒక్క షాట్ చెడితే మొత్తం మళ్లీ తీయించాలి. చెడింది రెండో షాట్ లాంటి క్లోజప్ అయితే మాత్రం దాన్నొక్కదాన్నే విడిగా తీయించి మధ్యలో పెట్టొచ్చు. ముఖం కనపడదు, వెలుగు దిక్కూ చొక్కా చేయీ కుదిరితే చాలు. ముఖాలున్న షాట్లతో ఈ అతుకు పని నేను చేయను.

నిడివి క్లిప్ పరిమితి దాటితే రెండూ కలపక తప్పదు. అప్పుడు విడగొట్టేది షాట్ల లెక్కన కాదు, చోటు లెక్కన. ముసలాయన కొట్టులోంచి వీధిలోకి వస్తే వెలుగు ఎలాగూ మారుతుంది, చేతిలో పట్టకారు ఉండదు. అక్కడ కొత్త ప్రాంప్ట్ మొదలుపెట్టి, ముఖానికీ చొక్కాకీ పాత క్లిప్‌లోంచి తీసిన ఒక ఫ్రేమ్‌ని రిఫరెన్స్‌గా ఇస్తే సరిపోతుంది.