ఒకే కట్, ఐదుగురు సమీక్షకులు: ప్రీమియర్ మార్కర్లు, రంగు లేబుళ్లు, ఫ్రేమ్.ఐఓ కామెంట్లు దీర్ఘకాలం వాడిన అనుభవం

డాక్యుమెంటరీలు ఎడిట్ చేసే మా చిన్న బృందం కొన్నేళ్లుగా అడోబీ ప్రీమియర్ ప్రోలో కట్ చేసి, సమీక్ష కోసం ఆ కట్‌ను ఫ్రేమ్.ఐఓలో పెడుతోంది. దర్శకుడు, నిర్మాత, సౌండ్ డిజైనర్, సబ్‌టైటిల్స్ రాసే సహచరి, విషయ నిపుణుడు ఎవరి వీలును బట్టి వారు చూసి అభిప్రాయాలు రాస్తారు. ఆ అభిప్రాయాల్లో ఒక్కటీ జారిపోకుండా ఎడిటర్ టైమ్‌లైన్ మీదికి చేరడం, చేరిన తర్వాత కట్ మారుతున్నా సరైన చోటనే నిలవడం ఈ సమీక్షకు విషయం. ఈ రెండు ఉపకరణాల్లోని మిగతా సౌకర్యాల గురించి ఇక్కడ రాయడం లేదు.

కామెంట్, మార్కర్, లేబుల్ అనే మూడింటికీ మేము మూడు వేర్వేరు పనులు అప్పగించాం. చర్చ అంతా ఫ్రేమ్.ఐఓ కామెంట్ల కిందే జరుగుతుంది. ఎవరు రాశారో, ఏ క్షణం గురించి రాశారో అక్కడ దానంతట అదే నమోదవుతుంది; ఒక్క ఫ్రేమ్ మీద గాక కొంత నిడివి మీద వ్యాఖ్యానించాలంటే మొదలు, చివర గుర్తించి రాయవచ్చు; చిత్రం మీద గీత గీసి చూపించవచ్చు. ఎడిటర్ చేయవలసిన పని మాత్రమే ప్రీమియర్ మార్కర్‌లోకి వస్తుంది. క్లిప్ లేబుల్ ఆ క్లిప్ ఎలాంటిదో చెబుతుంది తప్ప, దాని మీద ఎవరి అభిప్రాయం ఏమిటో చెప్పదు. ఈ మూడు పనులూ కలిసిపోయిన ప్రాజెక్టులు కొన్ని నా చేతికి వచ్చాయి. వాటిలో ఎరుపు క్లిప్ అంటే తీసేయవలసిందా, దర్శకుడికి నచ్చనిదా, ఆర్కైవ్ ఫుటేజీనా అన్నది ఆ ఎడిటర్‌ను అడిగితే గాని తెలిసేది కాదు.

ప్రీమియర్ సీక్వెన్స్ మార్కర్లకు ఎనిమిది రంగులు ఉన్నాయి. అనేకమంది సమీక్షకులు ఉన్నప్పుడు మనిషికి ఒక రంగు ఇవ్వాలన్న ఆలోచన చాలామందికి మొదట వస్తుంది. మేము అలా చేయకూడదని నిశ్చయించుకున్నాం, ఇన్నాళ్ల తర్వాత కూడా అదే సరైనదని నా అభిప్రాయం. సౌండ్ డిజైనర్ పనికి కూర్చున్నప్పుడు తనకు కావలసింది శబ్దానికి సంబంధించిన అన్ని అభిప్రాయాలూ; వాటిలో కొన్ని నిర్మాత రాసినవి, కొన్ని దర్శకుడు రాసినవి అయి ఉంటాయి. రంగు మనిషిని చూపిస్తే ఆయన ఐదు రంగులనూ తిరగేయాలి. రంగు పనిని చూపిస్తే, మార్కర్స్ ప్యానెల్‌లో ఆ ఒక్క రంగును వడకట్టుకుంటే సరిపోతుంది. అందుకని కట్ మార్పుకు ఎరుపు, శబ్దానికి పసుపు, సబ్‌టైటిల్స్‌కు నీలం, గ్రాఫిక్స్‌కు ఊదా వాడుతున్నాం. ఇద్దరి అభిప్రాయాలు పొసగక నిర్ణయం కోసం ఆగినదానికి తెలుపు వాడుతున్నాం.

పూర్తయిన పనికి ఆకుపచ్చ వాడాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ M నొక్కి పెట్టే కొత్త మార్కర్ మొదట ఆకుపచ్చగానే వస్తుంది. ఆకుపచ్చకు ‘అయిపోయింది’ అన్న అర్థం ఇస్తే, తొందరలో పెట్టి రంగు మార్చని ప్రతి మార్కరూ అయిపోయిన పనిలా కనిపిస్తుంది. మా పద్ధతిలో ఆకుపచ్చ అంటే ఇంకా ఏ పనికీ కేటాయించనిది, లేత నీలం అంటే పూర్తయినది. వడపోతలో ఆకుపచ్చవి ఒక్కటీ మిగలనప్పుడే అన్ని అభిప్రాయాలనూ చదివి పంచినట్టు లెక్క.

మార్కర్‌లో పేరు, వ్యాఖ్య, రంగు, నిడివి ఉంటాయి గాని, రాసింది ఎవరన్నది నమోదు చేయడానికి విడిగా గడి లేదు. అందుకని పేరు గడిలో మొదట సమీక్షకుడి సంక్షిప్త నామం, ఆ తర్వాత పని రాస్తాం:

```
నిర్ | షాట్ తగ్గించాలి
సౌం | మగ్గం శబ్దం మాటను మింగుతోంది
```

ఈ సంక్షిప్త నామాలను అందరూ ఒకే వర్ణక్రమంతో రాయడం తప్పనిసరి. మార్కర్స్ ప్యానెల్‌లోని వెతుకుడు గడిలో ‘నిర్’ అని కొడితే నిర్మాత అభిప్రాయాలన్నీ కలిసి కనిపించేది అప్పుడే. కామెంట్లను ఫ్రేమ్.ఐఓ నుంచి మార్కర్లుగా తెచ్చుకున్నా, ఈ పేర్లూ రంగులూ సరిచేసే బాధ్యత ఒక్కరికే ఇవ్వడం మంచిది. మా బృందంలో అది సహాయ ఎడిటర్ పని. ఉమ్మడిగా వాడే ప్రాజెక్టును ఒకరు తెరిచి పనిచేస్తున్నప్పుడు మిగతావారికి అది చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది కాబట్టి, ఇద్దరు ఒకేసారి రంగులు మార్చే వీలు కూడా ఉండదు. చిత్రం మీద గీసిన గీతకు మార్కర్‌లో చోటు లేదు. అలాంటి కామెంట్‌కు మార్కర్ వ్యాఖ్యలో ‘గీత చూడాలి’ అని రాసుకుంటాం.

పోచంపల్లి ఇక్కత్ నేత మీద తీసిన 24 నిమిషాల చిత్రం మూడో కట్ సంగతి చెబితే ఈ పద్ధతి ఎక్కడ పనికొస్తుందో స్పష్టమవుతుంది. సెకనుకు 25 ఫ్రేముల ఆ సీక్వెన్స్‌లో 00:08:14:10 దగ్గర చిటికి కట్టిన నూలును మగ్గం మీదికి ఎక్కించే షాట్ ఉంది. ఇది చాలా పొడవుగా ఉందని నిర్మాత రాశారు. నేతగాడి చేతులు ఆగేదాకా ఉంచాలని దర్శకుడు రాశారు. వెనక మగ్గం చప్పుడులో మాట వినిపించడం లేదని సౌండ్ డిజైనర్ రాశారు. మూడు కామెంట్లూ రెండు సెకన్ల వ్యవధిలో పడ్డాయి. వీటిని మూడు మార్కర్లుగా ఉంచితే, ఎడిటర్ మొదట ఏది చదివితే అది జరిగిపోయే ప్రమాదం ఉంది. అందువల్ల నిర్మాత, దర్శకుడి అభిప్రాయాలను ఒకే తెల్ల మార్కర్‌లో చేర్చి, షాట్ నిడివి అంతా కప్పేలా దాన్ని సాగదీశాం. ఆల్ట్ నొక్కి పట్టుకుని మార్కర్‌ను లాగితే అది నిడివి గల మార్కర్ అవుతుంది. శబ్దం అభిప్రాయం పసుపు మార్కర్‌గా విడిగా ఉండిపోయింది, ఎందుకంటే షాట్ ఎంత పొడవున్నా ఆ పని మాత్రం చేయవలసిందే. నిర్మాత, దర్శకుడు ఫ్రేమ్.ఐఓలో ఆ కామెంట్ కిందే మాట్లాడుకుని షాట్ ఉంచాలని, దానికి ముందున్న వివరణను కుదించాలని నిర్ణయించారు. అప్పుడు తెలుపు ఎరుపుగా మారింది, వ్యాఖ్యలో నిర్ణయం మాత్రమే మిగిలింది.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. ఇదే కట్‌లో మూడున్నర నిమిషాల దగ్గర ఒక ఇంటర్వ్యూలోంచి 11 సెకన్లు తీసేయవలసి ఉంది. తీసేసి ఖాళీ మూసేస్తే పైన చెప్పిన షాట్ 00:08:03:10కి జరుగుతుంది. కానీ ఫ్రేమ్.ఐఓలోని కామెంట్ మూడో కట్‌కు చెందినది, అది 00:08:14:10నే చూపిస్తూ ఉంటుంది. ప్రీమియర్‌లో మార్కర్ల మెనూలోని Ripple Sequence Markers ఆన్‌లో లేకపోతే మార్కర్లు కూడా పాత చోటనే నిలిచిపోతాయి, వాటి కింద మరో షాట్ వచ్చి చేరుతుంది. ఈ జరుగుబాటు పైకి కనిపించదు. మార్కర్లన్నీ ఉంటాయి, రంగులూ సరిగ్గానే ఉంటాయి. శబ్దం మార్కర్ కింద మాటే లేని దృశ్యం ఉందని గమనించినప్పుడే తెలుస్తుంది. పని మొదలుపెట్టే ముందు కట్ అంతటా దూరదూరంగా ఉన్న రెండు మూడు మార్కర్లను కామెంట్‌తో పోల్చి చూసుకోవడం మా అలవాటు.

ఈ అమరిక ఆన్‌లో ఉన్నా, ఖాళీని మూసే రిపుల్ కోతలతో, చొప్పింపులతో మాత్రమే మార్కర్లు జరుగుతాయని గుర్తుంచుకోవాలి. క్లిప్పుల గుంపును ఎంచుకుని మౌస్‌తో పక్కకు లాగితే మార్కర్లు వెంట రావు. ఒక సన్నివేశాన్ని మొత్తంగా కోసి వేరే చోట అతికించాలంటే అదే మెనూలోని Copy Paste Includes Sequence Markers ఆన్ చేసుకోవాలి. వీటికన్నా నాకు ఎక్కువ భరోసా ఇచ్చినది పని చేసే వరుస. మూడో కట్ సీక్వెన్స్‌కు నకలు తీసి, మూలాన్ని ముట్టుకోకుండా, నకలులో చివరి మార్కర్ నుంచి మొదటి మార్కర్ వైపు వెనక్కి పనిచేస్తాం. చివర్లో చేసిన కోత దాని తర్వాతి భాగాన్నే జరుపుతుంది కాబట్టి, ఇంకా చేయవలసిన మార్కర్లన్నీ కామెంట్ చూపే టైమ్‌కోడ్ దగ్గరే ఉంటాయి. కథనం గమనాన్ని మొదటి నుంచి చూస్తూ సరిచేయవలసిన దశలో ఈ వరుస కుదరదు, అప్పుడు పై అమరికలే దిక్కు. సమీక్షకు పంపే ఫైల్ మీద టైమ్‌కోడ్ అచ్చు వేయడం కూడా మానకూడదు; ఎగుమతి చేసేటప్పుడు ఎఫెక్ట్స్ భాగంలో Timecode Overlay ఉంటుంది. ఫోన్‌లో చూసి వాట్సాప్‌లో అభిప్రాయం పంపే విషయ నిపుణుడికి మాకు మధ్య ఉన్న ఒకే ఆధారం ఆ అంకెలే.

మార్కర్ పెట్టేటప్పుడు గమనించవలసినది మరొకటి ఉంది. టైమ్‌లైన్‌లో ఏదైనా క్లిప్ ఎంపికై ఉండగా M నొక్కితే మార్కర్ సీక్వెన్స్ మీద గాక ఆ క్లిప్ మీద పడుతుంది. క్లిప్‌తో పాటు కదలడం దాని మేలు. కానీ సీక్వెన్స్ మార్కర్ల జాబితాలో అది కనిపించదు, కాబట్టి సమీక్షకుల అభిప్రాయాలకు మేము క్లిప్ మార్కర్లను వాడం.

లేబుళ్ల విషయంలో నా అభిప్రాయం కాస్త కఠినమైనది: సమీక్ష ఎంతవరకు వచ్చిందో చూపించడానికి వాటిని వాడకూడదు. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో Display the project item name and label color for all instances అన్న అమరిక ఆన్‌లో ఉంటే, టైమ్‌లైన్ మీది ప్రతి ముక్కా బిన్‌లోని మూల క్లిప్ రంగునే చూపిస్తుంది. ఒకే ఇంటర్వ్యూ క్లిప్ సీక్వెన్స్‌లో పది చోట్ల ఉంటే, ఒక ముక్క మీది అభిప్రాయం పదింటికీ అంటుకుంటుంది. పైగా లేబుళ్ల పేర్లూ రంగులూ ప్రతి కంప్యూటర్‌లోని ప్రిఫరెన్సెస్‌లో ఉంటాయి, ఒకరు ‘ఆర్కైవ్’ అని పేరు పెట్టుకున్నది మరొకరి దగ్గర ‘మామిడి’గానే కనిపించవచ్చు. అయితే క్లిప్ రకాన్ని చెప్పడానికి అవి చక్కగా పనికొస్తాయి. ఆర్కైవ్ ఫుటేజీకి ఒక లేబుల్ ఇచ్చి ఉంటే, దాని హక్కుల గురించి నిర్మాత అడిగినప్పుడు ఒక ముక్కను ఎంచుకుని Select Label Group నొక్కితే సీక్వెన్స్‌లో ఆ రకం ముక్కలన్నీ ఒకేసారి ఎంపికవుతాయి.

కొత్త కట్‌ను ఫ్రేమ్.ఐఓలో పాత దాని మీద వెర్షన్‌గా పేర్చుతాం, పాత కామెంట్లు పాత వెర్షన్ తోనే ఉంటాయి. ఎడిటర్ తన మార్కర్‌ను లేత నీలం చేస్తే మార్పు జరిగిందని మాత్రమే అర్థం. కామెంట్ పక్కన టిక్ పెట్టేది సహాయ దర్శకురాలు. ఆమె రెండు వెర్షన్లనూ పక్కపక్కన చూసి, అడిగినదే జరిగిందని తేల్చుకున్నాకే పెడతారు. తీరనివి ఉంటే వాటిని కొత్త వెర్షన్ మీద కొత్త టైమ్‌కోడ్ దగ్గర, మొదట అడిగినవారి పేరుతో మళ్లీ రాస్తారు. ఇద్దరు ముగ్గురే చూసే చిన్న ప్రకటనకు ఇంత ఏర్పాటు అవసరం లేదు, అక్కడ ఫ్రేమ్.ఐఓ ప్యానెల్‌ను ప్రీమియర్‌లోనే తెరిచి కామెంట్ వెంట కామెంట్ చూసుకుంటూ పోతే చాలు. సౌండ్ పని బయటి స్టూడియోకు వెళ్లే చిత్రాలకు మాత్రం పసుపు మార్కర్లు సరిగ్గా ఉన్నాయని చూసుకుని, మార్కర్ల జాబితాను సీఎస్‌వీగా ఎగుమతి చేసి పంపుతున్నాం. ప్రీమియర్ లేని వారు కూడా దాన్ని స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి, ‘సౌం’తో మొదలయ్యే వరుసలతో పాటు శబ్దం గురించి మిగతావారు రాసినవీ టైమ్‌కోడ్ ప్రకారం చూసుకుంటున్నారు.