రోహిణి కార్తె ముగిసే రాత్రులు: పురుషవాడి, భండారదరాలలో మిణుగురులు

సహ్యాద్రి కొండల్లో మిణుగురులు చెట్లనిండా వెలిగే కాలం మే చివరి వారంలో మొదలై, జూన్ నెలలో గట్టి వానలు పట్టుకునేదాకా సాగుతుంది. మన లెక్కలో చెప్పాలంటే రోహిణి కార్తె, మృగశిర కార్తె మొదటి రోజులు. 2024లో మేము వెళ్లినది మహారాష్ట్రలో అకోలె తాలూకాలోని పురుషవాడి అనే మహాదేవ్ కోళీ గిరిజనుల గ్రామానికీ, దానికి దగ్గరలోనే ఉన్న భండారదరా జలాశయానికీ. షిరిడీ ఉన్న జిల్లాలోనే ఈ రెండూ ఉన్నాయి. అందుకే హైదరాబాదు నుంచి షిరిడీకి వెళ్లే రైలే మాకూ సరిపోయింది. అక్కడి నుంచి సంగమ్‌నేర్, అకోలె, రాజూర్ మీదుగా కారులో సుమారు వంద కిలోమీటర్ల ప్రయాణం.

తేదీ నిర్ణయించడానికే మాకు ఎక్కువ సమయం పట్టింది. అమావాస్య నాడే వెళ్లాలని చాలామంది అనుకుంటారు గానీ, నిజానికి చూడవలసింది సాయంత్రం ఏడున్నర నుంచి పదింటి వరకు ఆకాశంలో చంద్రుడు ఉంటాడా లేడా అన్నదే. పున్నమి తర్వాత చంద్రోదయం రోజుకు సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. సంకటహర చతుర్థి ఉపవాసం ఉండే ఇళ్లలో ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఆ రోజు చంద్రుడి కోసం రాత్రి దాదాపు పదింటి దాకా ఎదురుచూడడం వారికి అలవాటే. కాబట్టి బహుళ చవితి నుంచే ముందు రాత్రి చీకటిగా ఉంటుంది. అమావాస్య దాటాక కూడా శుక్ల తదియ వరకు నెలవంక త్వరగానే అస్తమిస్తుంది. ఇలా లెక్కిస్తే ఒక్క రాత్రి కాదు, రెండు వారాల వ్యవధి దొరుకుతుంది. 2024లో పున్నమి మే 23న, అమావాస్య జూన్ 6న వచ్చాయి గనుక మే 27 నుంచి జూన్ 9 వరకు మాకు వీలైన రాత్రులే. అది దాదాపు రోహిణి కార్తెతో కలిసి వచ్చింది. ఆ మరుసటి ఏడాది అదే జూన్ మొదటి వారాన్ని ఎవరైనా గుడ్డిగా ఎంచుకుని ఉంటే దెబ్బతినేవారు: 2025 జూన్ 7 ద్వాదశి, సాయంత్రమంతా వెన్నెలే. పైగా ఆ ఏడాది రుతుపవనాలు మే 26కే ముంబయిని తాకాయి.

వ్యవధిలో ముందు రోజులు మంచివా, చివరి రోజులు మంచివా అన్నది వేరే ప్రశ్న. మిణుగురు జీవితంలో అధిక భాగం లార్వా దశలోనే, తడి నేలలో నత్తలను తింటూ గడిచిపోతుంది. రెక్కలొచ్చాక అది బతికేది రెండు మూడు వారాలే. తొలకరికి ముందు పడే జల్లులకు నేల తడిసి, గాలిలో తేమ పెరిగితే అవి ఒక్కసారిగా బయటికి వస్తాయి. మరీ ముందుగా వెళ్తే అక్కడక్కడ నాలుగు మెరుపులు మాత్రమే కనబడతాయి; ఆలస్యమైతే వాన కొట్టేస్తుంది. మేము చివరి రోజుల వైపే మొగ్గి, జూన్ 6, 7 తేదీలలో పురుషవాడిలోనూ, 8న, అంటే శనివారం, భండారదరాలోనూ ఉండేలా చూసుకున్నాము.

పురుషవాడిలో మా బస ఒక ఇంటి వసారా పక్క గది. పరుపు నేల మీదే, స్నానాల గది పెరట్లో. ఇంటావిడను అందరూ పిలిచినట్లే మేమూ మావశీ అని పిలిచాము. జొన్న రొట్టె, శనగపిండితో చేసే పిఠ్లా, పచ్చిమిర్చి నూరిన ఠేచా పెట్టి, ఏడింటికే భోజనం ముగించమని తొందరపెట్టింది. ఆ తొందర ఎందుకో తర్వాత అర్థమైంది. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడడానికి కనీసం ఇరవై నిమిషాలు కావాలి. మధ్యలో ఎవరైనా ఒక్కసారి ఫోను తెర చూసుకుంటే ఆ ఇరవై నిమిషాలు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకోవాలి.

మొదటి రాత్రి ఎనిమిదింటికి వాగు పక్కన నిలబడితే పొదల దగ్గర ఒకటీ రెండూ తప్ప ఏమీ లేవు. గాలి బాగా వీస్తోంది. మా బృందంలో ఇద్దరు విసుగెత్తి గదికి వెళ్లిపోయారు. తొమ్మిది కావస్తుండగా గాలి నిలిచింది. ముందు కరక్కాయ చెట్టు అడుగు కొమ్మల్లో పది పన్నెండు మెరుపులు, అవి కాసేపటికి పై కొమ్మలకు పాకి, చివరికి చెట్టు అంతా ఒకే లయలో వెలిగి ఆరడం మొదలైంది. వెలుగు కింది నుంచి పైకి అలలా వెళ్లి, ఒక్క క్షణం చెట్టు మాయమై, మళ్లీ కనబడేది. మావశీ కొడుకు గడ్డిలోంచి ఒకదాన్ని నా అరచేతి మీదికి ఎక్కించాడు. పొట్ట చివర ఆకుపచ్చ పసుపు కలిసిన వెలుగు, చేతి గీతలు కనబడేంత; వేడి మాత్రం ఏమాత్రం తగల్లేదు. లూసిఫెరిన్ అనే పదార్థం ప్రాణవాయువుతో కలిసినప్పుడు పుట్టే వెలుగు అది, శక్తి వేడిగా వృథా కావడం అతి తక్కువ. ఎగురుతూ మెరిసేవి ఎక్కువగా మగవి. ఆడవి గడ్డిలోనూ ఆకుల మీదా కూర్చుని బదులు మెరుస్తాయి. అందుకే ఆ కుర్రాడు కాలిబాట దిగి గడ్డిలో అడుగు పెట్టనివ్వలేదు.

రెండో రాత్రి మబ్బు పట్టి, గాలి ఆడక, ఒళ్లంతా జిడ్డుగా ఉంది. పగలంతా ఉక్క గురించి సణుక్కున్నాము గానీ మిణుగురులకు కావలసింది సరిగ్గా అదే. ఎనిమిదింటికే నాలుగు చెట్లు నిండిపోయాయి.

శనివారం భండారదరాలో కథ వేరు. జలాశయం ఒడ్డున గుడారాల బస మాకు ముందుగా మాట ఇచ్చినది మిణుగురుల విహారం. దొరికినది పెద్ద స్పీకర్లలో పాటలు, గుడారాల చుట్టూ తీగల దీపాలు. పురుషవాడిలో ఇచ్చిన దానికి రెట్టింపు కన్నా ఎక్కువ తీసుకున్నారు. జలాశయం చుట్టూ రతన్‌వాడీ, పాంజరే వైపు వెళ్లే దారిలో చెట్లు నిజానికి పురుషవాడి కన్నా దట్టంగా ఉన్నాయి. కానీ వారాంతం కావడంతో కార్లు బారులు తీరాయి. ఒక కారు హెడ్‌లైట్లు చెట్టు మీద పడగానే వెలుగులన్నీ ఆగిపోయి, తిరిగి లయ అందుకోవడానికి చాలాసేపు పట్టింది. అంతలో ఇంకో కారు. ఇది కల్‌సూబాయి హరిశ్చంద్రగఢ్ అభయారణ్యం గనుక అటవీ శాఖ ప్రవేశానికి రుసుము, వేళలు పెడుతుంది. అవి మారుతుంటాయి కాబట్టి బయలుదేరే వారంలోనే కనుక్కోవడం మంచిది. భండారదరాకే వెళ్లాలనుకునేవారు మంగళ, బుధవారాలు చూసుకుని, దీపాలు ఎప్పుడు ఆర్పుతారని బస వారిని ముందే అడిగి తెలుసుకోవాలని నా అభిప్రాయం.

ఫోటోల మీద ఆశ పెట్టుకోవద్దు. అంతర్జాలంలో అడవంతా బంగారు చుక్కలతో నిండినట్లు కనబడే చిత్రాలు చాలావరకు ఇరవై ముప్పై సెకన్ల పాటు తీసిన ఫోటోలను పదుల సంఖ్యలో ఒకదాని మీద ఒకటి పేర్చి చేసినవి. కంటికి కనబడేది ఆ చుక్కల రాశి కాదు, వెలిగి ఆరే కదలిక. ట్రైపాడ్ పట్టుకెళ్లిన మా మిత్రుడు మొదటి రాత్రి సగం దాని కాళ్లు సరిచేసుకోవడంలోనే పోగొట్టుకున్నాడు. టార్చి తప్పనిసరిగా కావాలి, ఎందుకంటే తడి బాటల్లో పాములుంటాయి. దానికి ఎర్రటి కాగితం రెండు పొరలు చుట్టి, కాళ్ల దగ్గరకే వేసుకుంటే చాలు. కాళ్లు కప్పే బూట్లు, దోమలకు పొడుగు చేతుల చొక్కా సరిపోతాయి. దోమల మందు చేతులకు రాసుకుని మిణుగురును ముట్టుకోకూడదు.

మేము తిరుగు రైలు ఎక్కిన ఆదివారం, జూన్ 9న, రుతుపవనాలు ముంబయికి చేరాయి. మూడు రోజుల తర్వాత మావశీ కొడుకు ఫోను చేసి, రెండు రాత్రులుగా వాన ఆగలేదనీ, కరక్కాయ చెట్టు దగ్గర ఏమీ లేదనీ చెప్పాడు.